సీశాట్ ఇన్ఫరెన్స్: ప్యాసేజీలో ఉన్న మాటే తప్పు జవాబు ఎలా అవుతుంది?

మెట్టపొలం: సివిల్స్ ప్రిలిమ్స్‌లోని సీశాట్ పేపరుకు రాసిన మాక్ టెస్టులో వచ్చిన ప్యాసేజీ ఇది: "చెరువులో పూడిక తీస్తే నీటి నిల్వ పెరుగుతుంది. కానీ పూడిక తీసిన చాలా చెరువుల్లో కొన్నేళ్లకే మళ్లీ ఒండ్రు చేరింది. ఎగువన చెట్లూ గట్లూ పోయిన చోట ఇది మరింత ఎక్కువగా కనిపించింది."
ప్రశ్న: పూడికతీత ఫలితం నిలవడం గురించి దీన్నుంచి తీయగల అత్యంత తర్కబద్ధమైన ఇన్ఫరెన్స్ ఏది?
ఎ) పూడిక తీస్తే నీటి నిల్వ పెరుగుతుంది.
బి) ఎగువ నేలను కాపాడకపోతే పూడికతీత ప్రయోజనం త్వరగా తగ్గిపోవచ్చు.
సి) పూడికతీత వృథా ఖర్చు.
డి) చెరువుల కంటే బోర్లు మేలు.
నేను ఎ పెట్టాను. కీలో బి ఉంది. ప్యాసేజీలో మొదటి వాక్యమే కదా ఎ?

ఒంటరిబాట: ప్యాసేజీలోని వాక్యం ఉన్నదున్నట్టు ఆప్షన్లో కనిపిస్తే కొట్టేయడమే. రాయని మాటే ఇన్ఫరెన్స్.

పాతకాపు: ఒంటరిబాట గారూ, ఆ సూత్రాన్ని నమ్ముకుంటే ఎప్పుడో ఒకసారి మునుగుతారు. సరైన జవాబు ఒక్కోసారి ప్యాసేజీ వాక్యానికి కాస్త మాట మార్చిన రూపంలాగే ఉంటుంది. ఎ పోయింది ప్యాసేజీలో ఉన్నందుకు కాదు. అడిగింది ఫలితం నిలవడం గురించి, ఎ చెప్పేది ఫలితం వస్తుందని.
నేను చేసే పని ఒకటే. అనుమానం వచ్చిన ఆప్షన్‌ను పక్కన పెట్టుకుని, ఏ ప్రశ్న అడిగి ఉంటే ఇది జవాబయ్యేదో రాసుకుంటాను. ఎ విషయంలో "పూడిక తీస్తే ఏమవుతుంది?" అని వస్తుంది. పేపర్లో ఉన్న ప్రశ్న అది కాదు. బి విషయంలో "ఫలితం ఎక్కడ నిలవదు?" అని వస్తుంది. రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ కలిపితేనే బి పుడుతుంది. ఎ నిలబడటానికి ఆ రెండూ అక్కర్లేదు, వాటిని చెరిపేసినా దానికేమీ కాదు.

కుంటకట్ట: మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు. ఆ ఒండ్రు తోలుకున్న చేలు ఇప్పటికీ బాగా పండుతున్నాయి, చెరువులో నీళ్లూ ఉన్నాయి. మా ఎగువన చెట్లేమీ లేవు. కాబట్టి బి కూడా తప్పే.

పాతకాపు: మీ చెరువు బాగుండటం సంతోషమే. కానీ ప్యాసేజీ ఆధారంగా మాత్రమే జవాబివ్వాలని పేపర్లోనే రాసి ఉంటుంది. పైగా బి "తగ్గిపోవచ్చు" అంటోంది. మీ ఊరు ఒక్కటి అలా లేనంత మాత్రాన అది కూలదు.

రేగడినేల: ఆ "వచ్చు" సంగతే నేనూ అడుగుతాను. మూడో వాక్యంలో ఉన్నది "మరింత ఎక్కువగా కనిపించింది" అని. కనిపించడం వేరు, కారణం కావడం వేరు. చెట్లు పోయిన చోట వాలు కూడా ఎక్కువేమో! బి ఒక ఊహ. ఎ నూటికి నూరు పాళ్లు నిజం. ఒక మాటను ఒప్పుకున్నాక అదే మాట దాన్నుంచి తేలుతుందనడం కంటే గట్టి తర్కం ఏముంటుంది?

పాతకాపు: కారణం గురించి మీరన్నది సబబే. బి "కాపాడకపోవడం వల్లే" అని ఉంటే నేనూ వదిలేసేవాణ్ణి. కానీ నిజమా కాదా అన్న పరీక్షలో నెగ్గినంత మాత్రాన జవాబు అయిపోదు కదా.

రేగడినేల: మీకు అలవాటైపోయింది కాబట్టి అలాగే అంటారు. మేము తెలుగు మీడియంలో చదువుకున్నాం. ప్రిలిమ్స్ పేపరేమో ఇంగ్లిషులో, హిందీలో మాత్రమే ఇస్తారు. పరాయి భాషలో కచ్చితంగా అర్థమైన ఒక్క వాక్యాన్ని పట్టుకుంటే, అది ఉచ్చని నవ్వుతారా? ఒక్కో తప్పుకు 0.83 మార్కు పోతుంది. అర్హతకు కావాల్సిన 66 మార్కులు రాక ఆగిపోయినవాణ్ణి నేను. కోచింగ్‌లోనేమో "ప్యాసేజీ దాటొద్దు" అని ఊదరగొట్టారు. దాటలేదు!

ఒంటరిబాట: భాష సమస్యకూ ఎ సరైనదనడానికీ ఏమిటి సంబంధం?

రేగడినేల: మీరు ఏ మీడియమో చెప్పి మాట్లాడండి.

మెట్టపొలం: దయచేసి ఆపండి. పాతకాపు గారూ, "నిలవడం గురించి" అన్న మాటలు లేకుండా, "ఈ ప్యాసేజీ నుంచి తీయగల అత్యంత తర్కబద్ధమైన ఇన్ఫరెన్స్ ఏది?" అని మాత్రమే అడిగితే? సీశాట్‌లో ఎక్కువగా అలాగే అడుగుతారు.

పాతకాపు: అప్పుడు నా పద్ధతి అంత గట్టిగా పనిచేయదు. "అత్యంత" అన్న ఒక్క మాటే మిగులుతుంది. ప్యాసేజీలో "కానీ" తర్వాత భాగాన్ని ఏ ఆప్షన్ వాడుకుంటుందో చూస్తాను. రచయిత మొదటి వాక్యాన్ని ఒప్పుకుని మళ్లింది అక్కడే కాబట్టి అప్పుడూ బి వైపే మొగ్గుతాను. అయితే ఎ అక్షరాలా తప్పని మాత్రం అనలేను.

రేగడినేల: అంటే తర్కం కాదు, పేపరు తయారుచేసినవాడి మనసు చదవాలి. నా గొడవంతా అదే.

పాతకాపు: మనసు కాదు, అతను రాసిన "కానీ"ని చదవాలి. మీకు ఈ రెండూ ఒకటే అనిపిస్తే మనకు కుదరదు.