అప్‌డేట్: విజయనగరంలో మాస్టారి చివరి వీణ డెమో

నా ప్రశ్న: "కీబోర్డులో అన్ని స్వరాలూ ఉండగా వీణ ఎందుకు?" అనే పిల్లలకు, రిటైరైన మా మాస్టారు చివరి డెమోలో ఏం వినిపిస్తే బాగుంటుంది?

నిన్న డెమో అయింది. కీర్తనలన్నీ పక్కన పెట్టి, మాస్టారు తోడి రాగంలోని ఒక్క గాంధార స్వరమే తీసుకున్నారు.

ముందు తన బొబ్బిలి వీణ మీద గాంధారం మెట్టు దగ్గర తీగను మామూలుగా మీటారు. ఓ కుర్రాడు కీబోర్డులో అదే స్వరం నొక్కి, "రెండూ ఒకటే కదా మాస్టారూ" అన్నాడు.

"ఒకటే నాన్నా. కానీ ఇంకా తోడి రాలేదు."

వేళ్లు గాంధారం కంటే తక్కువ స్వరమైన శుద్ధ రిషభం మెట్టు మీదికి జరిపి, ఒక్కసారే మీటి, తీగను పక్కకు లాగారు. వేళ్లు ఆ మెట్టు దాటలేదు, స్వరం మాత్రం గాంధారం దాకా ఊగుతూ వెళ్లొచ్చింది. నాకు ఒళ్లు పులకరించింది.

"కీబోర్డులో స్వరాన్ని వంచే పిచ్ వీల్‌తో ఇదీ వస్తుంది" అన్నాడు కుర్రాడు.

"వస్తుంది. ఎంత వంచాలో చెప్పేది చెవే" అంటూ, ఈసారి తీగను సగమే లాగారు. చతుశ్రుతి రిషభం పలికింది. తోడిలో లేని స్వరం! పిల్లలకు వెంటనే తేడా తెలిసిపోయింది.

తర్వాత ఒకమ్మాయి ప్రయత్నిస్తే సగంలోనే ఆగింది. "ముందు నోటితో పాడమ్మా, ఆ ఎత్తుకు లాగు" అన్నారు. పాడాక అందుకుంది. ఆ అమ్మాయి వీణ నేర్చుకుంటానంది. కుర్రాడు ఇంకా తేల్చుకోలేదు.