యూరోపియం స్పెక్ట్రంలో లాండే నియమం ఎందుకు తప్పుతోంది?

Eu³⁺ ఉన్న పౌడర్ ఎమిషన్ స్పెక్ట్రం తీశాను. ⁵D₀ నుంచి ⁷F₀, ⁷F₁, ⁷F₂, ⁷F₃, ⁷F₄ లకు దిగే గీతలు సుమారు 580, 592, 615, 651, 699 నానోమీటర్ల దగ్గర వచ్చాయి. వీటిని cm⁻¹ లోకి మారిస్తే ⁷F స్థాయిల మధ్య ఎడాలు వరుసగా దాదాపు 350, 630, 900, 1050.

స్పిన్-ఆర్బిట్ కప్లింగ్ ఒక్కటే ఉంటే ఎడం J కి అనుపాతంలో, అంటే 1:2:3:4 గా పెరగాలి కదా. మొదటిది 350 అయితే నాలుగోది 1400 రావాలి. పైగా ζ సుమారు 1300 అనుకుని λ = ζ/2S తో లెక్కిస్తే మొదటి ఎడం 220 లోపే తేలుతోంది. ఇంత తేడా కొలతలో పొరపాటు వల్ల వచ్చేది కాదు.

నా అనుమానం ఇంటర్మీడియట్ కప్లింగ్ మీద. ⁵D₀ కలవడంతో ⁷F₀ మిగతావాటికంటే ఎక్కువ కిందికి జరిగి, మొదటి ఎడం సాగిందనుకుంటున్నాను. ఇది సరేనా? క్రిస్టల్ ఫీల్డ్ ⁷F₁ ని మూడుగా చీల్చింది కాబట్టి వాటి సగటు తీసుకున్నాను. కానీ ⁷F₃ గీతలు మరీ బలహీనం, అక్కడ సగటును నమ్మలేను. J-మిక్సింగ్ వాటాను విడిగా పట్టుకునే దారి ఉందా, లేక 4f⁶ మాత్రిక మొత్తాన్నీ డయాగనలైజ్ చేయాల్సిందేనా?