తిలకాష్ఠ మహిష బంధనం: రామకృష్ణుడు చేసింది మోసమా?

పాకాల సుజాత
మా పాపకు స్కూల్లో కథ చెప్పే పోటీ ఉంది. తెనాలి రామకృష్ణుడు మూట చూపించి పండితుణ్ణి పారిపోయేలా చేసిన కథ నేర్పిస్తున్నా. "అబద్ధం చెప్పి గెలిచాడు కదమ్మా" అంది. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

అలిపిరి బాబు
పాప అన్నదే కరెక్ట్. లేని పుస్తకం పేరు చెప్పి బెదిరించడం మోసం కాక ఇంకేంటి?

చంద్రగిరి మాస్టారు
కథను వరసగా చూడు బాబూ. పండితుడు దేశమంతా తిరిగి అందరినీ ఓడించి వచ్చాడు. తనకు తెలియని శాస్త్రం లేదని సభలో చెప్పుకున్నాడు. రాయల కొలువులో కవులంతా వెనక్కి తగ్గారు. రామకృష్ణుడు పట్టుబట్ట చుట్టిన పెద్ద మూటతో వచ్చి, "ఈ తిలకాష్ఠ మహిష బంధనం మీద వాదిద్దాం" అన్నాడు. ఆయన ఆ పేరే వినలేదు. కానీ ఆ మాట నోరు విడిచి చెప్పలేడు, చెబితే నిన్నటి ప్రగల్భమంతా పోతుంది. రేపటికి వాయిదా అడిగి, రాత్రికి రాత్రే ఊరు దాటాడు. తర్వాత మూట విప్పితే ఉన్నవి ఎండిన నువ్వుల కట్టెలు, వాటిని కట్టిన గేదె పలుపు. తిలకాష్ఠం అంటే ఆ కట్టెలే, మహిష బంధనం అంటే ఆ తాడే. పేరులో అబద్ధం ఎక్కడుంది?

చిత్తూరు శీను
అసలు రామకృష్ణుడు రాయల కొలువులో ఉన్నాడా అని ముందు తేల్చండి. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. రామకృష్ణుడు రాసిన పాండురంగ మాహాత్మ్యం ఆ తర్వాతి కాలందని చాలామంది పరిశోధకులే అంటున్నారు.

చంద్రగిరి మాస్టారు
ఆ సంగతి వేరే పోస్టులో మాట్లాడుకుందాం శీనూ. ఇక్కడ కథ గురించి కదా.

అలిపిరి బాబు
పేరు నిజమే కావచ్చు సార్, పట్టుబట్ట మాటేంటి? గ్రంథమని నమ్మించడానికే కదా కట్టాడు! నాకు జరిగిందొకటి చెబుతా. ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఒకాయన ఏదో భారీ పేరు చెప్పి, అది తెలుసా అన్నాడు. నోట మాట రాలేదు. అందరూ నవ్వారు. బయటికొచ్చాక తెలిసింది, గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టడానికి వాళ్ళు పెట్టుకున్న పేరట అది, ఆ పని నేను రోజూ చేసేదే. అప్పట్నుంచీ ఈ కథకు నాకు నవ్వు రాదు.

చంద్రగిరి మాస్టారు
నీకు జరిగింది అన్యాయమే. కానీ నువ్వు ఉద్యోగం అడగడానికి పోయావు. ఆయన వచ్చింది అందరినీ తలవంచమని, జయపత్రం రాసిమ్మని. "ఈ గ్రంథం నేను చదవలేదు, మూట విప్పండి చూద్దాం" అని ఆయన ఒక్క మాట అనుంటే రామకృష్ణుడు అక్కడే ఓడిపోయేవాడు. ఆ ఎత్తు వినయం ఉన్నవాడి మీద పారదు. తెలియదని ఒప్పుకోలేనివాడి మీదే పారుతుంది.

రేణిగుంట లత
మాస్టారూ, ఇది బాగుంది.

అలిపిరి బాబు
అంటే పాండిత్యంలో తట్టుకోలేక భయపెట్టి పంపాడనేగా?

చంద్రగిరి మాస్టారు
పాండిత్యం లేకనా! "కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్" మరిచిపోయావా? ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. గిట్టనివాళ్ళు ద్వారపాలకుడి చేత ఆ సమస్య అడిగించారు. గంజాయి తాగి వాగుతున్నావా అని వాణ్ణి పద్యంలోనే తిట్టాడు. అదే లైను రాయలు అడిగితే పాండవుల్ని తెచ్చాడు. అంతటి వీరులు విరాటుడి కొలువులో ఊడిగం చేయాల్సి వచ్చిందే అన్న బాధగా మార్చేశాడు. కంద పద్యం కాబట్టి ప్రతి పాదంలో రెండో అక్షరం 'ంజ' పడాలి. అందుకే ఒకదాంట్లో గంజాయి, ఇంకోదాంట్లో సంజయుడు. లైను ఒకటే, అడిగినవాణ్ణి బట్టి జవాబు మారింది.

అలిపిరి బాబు
నా గొడవే అది సార్! అంత వచ్చినవాడు పండితుడితోనూ పద్యంతోనే తలపడొచ్చు కదా? మూట ఎందుకు?

చంద్రగిరి మాస్టారు
పద్యంతో ఓడిస్తే ఆయన ఇంకో ఊళ్ళో ఇంకో సభ పెడతాడు. ఆయన పొగరు చదువులో లేదు, ఎదుటివాడికి అర్థంకాని పెద్ద పేర్లతో నోరు మూయించడంలో ఉంది. ఆ ఆయుధంతోనే కొట్టాడు.

అలిపిరి బాబు
నన్ను ఇంటర్వ్యూలో కొట్టిందీ ఆ ఆయుధంతోనే. పైవాడి మీద వాడితే చమత్కారం, కిందివాడి మీద వాడితే అవమానమా? పిల్లలు నేర్చుకునేది ఆయుధాన్ని సార్, ఎవరి మీద వాడాలో కాదు.

చంద్రగిరి మాస్టారు
ఎవరి మీద అన్నదే కథ మొత్తం! పండితుడి గొప్పలు తీసేసి చెబితే నువ్వన్నట్టు మోసమే మిగులుతుంది. సుజాతమ్మా, పాప ఆ భాగం ఎంతసేపు చెబుతోంది?

పాకాల సుజాత
ఒక్క ముక్కలో, "ఒక గర్విష్ఠి పండితుడు వచ్చాడు" అని. టైం మూడు నిమిషాలే కదా అని నేనే కోసేశాను సార్.

చంద్రగిరి మాస్టారు
అందుకే పాపకు అబద్ధంలా అనిపించింది. కవులు ఒక్కొక్కరే తల దించుకోవడం, జయపత్రం అడగడం చెప్పించు. మూట దగ్గర తగ్గించుకోవచ్చు.

అలిపిరి బాబు
చెప్పించండి అక్కా. మూట విప్పమని అడిగుంటే ఏమయ్యేదో కూడా చెప్పించండి. మాస్టారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, పిల్లలకు కావాల్సింది ఆ మాటే.