లోడు తక్కువే, ఎంసీబీ పడలేదు, అయినా జాయింటు కాలింది. ఎందుకు?

పెళ్లింటివాడు
మా చెల్లెలి పెళ్లి మొన్న అయింది, రిసెప్షన్ రేపు రాత్రి. ఇంటి ముందు పందిరికి లైటింగ్ నేనూ మా బావా కలిసి వేసుకున్నాం. లెక్క చెప్తాను. సీరియల్ సెట్లు 60, ఒక్కోటి 8 వాట్లు. ఎల్ఈడీ ఫోకస్ లైట్లు ఆరు, 100 వాట్లవి. పాత హాలోజన్ ఒకటి, 500 వాట్లు. ఫ్యాన్లు రెండూ కలిపి 300. మొత్తం 1880 వాట్లు, 230తో భాగిస్తే 8 ఆంపియర్ల పైచిలుకు. 16 ఆంపియర్ల ఎంసీబీ నుంచి తీసుకున్నాం కాబట్టి సగమే కదా అని ధైర్యంగా ఉన్నాం.

ఇంట్లోంచి పందిరి చివరి బోర్డు దాకా 40 మీటర్లు. వన్ స్క్వేర్ రాగి వైరు, రెండు కోర్లది. ముక్కలు కలపడంతో మధ్యలో మూడు జాయింట్లు వచ్చాయి. నిన్న రాత్రి కాలిన వాసన వస్తే వెళ్లి చూశాను. మధ్య జాయింటు మీద టేపు కరిగి కారుతోంది, పక్కనున్న పందిరి గుడ్డ అరచేతంత మేర నల్లబడింది. ఎంసీబీ మాత్రం పడలేదు. కాలిన చోట కోసేసి, మళ్లీ మెలిపెట్టి టేపు చుట్టాం. ఎంసీబీ పాడైందంటారా?

రంగులగూడు
నేను పదేళ్లుగా పందిళ్లకు లైట్లు కడుతున్నాను. మీ లోడుకి 16 ఆంపియర్లు చాలా ఎక్కువ. తప్పంతా టేపుదే బ్రదర్. చవక టేపు ఎండకి జిగురు వదిలేస్తుంది. మంచి టేపు మూడు వరసలు లాగి చుట్టండి. లోడు నిజంగా ఎక్కువైతే ఎంసీబీ ఎప్పుడో పడేది, టెన్షన్ వద్దు.

పాత_వైర్‌మ్యాన్
టేపు కాలింది కానీ కాల్చింది టేపు కాదండీ. మెలిపెట్టిన తీగలు ఒకదాన్నొకటి నాలుగైదు చోట్ల మాత్రమే తాకుతాయి. గాలికి వైరు ఊగినప్పుడల్లా ఆ పట్టు ఇంకా వదులవుతుంది. అక్కడ అడ్డు పెరుగుతుంది, వేడెక్కుతుంది, రాగి నల్లబడుతుంది, దాంతో అడ్డు మళ్లీ పెరుగుతుంది. ఎంసీబీకి తెలిసేది తన గుండా ఎంత కరెంటు పోతోందన్నది ఒక్కటే. వదులు జాయింటు వల్ల ఎంసీబీ పడేంతగా కరెంటు పెరగదు. ఇక అది పడటం ఎందుకు? మీ ఎంసీబీ బాగానే ఉంది.

రిసెప్షన్ లోపు ఒక పని చేయండి. మీ ఎలక్ట్రీషియన్ని పిలిచి, అన్ని లైట్లూ వేసి, ఐదు నిమిషాల్లో మూడు రీడింగులు తీయమనండి: ఇంటి బోర్డు దగ్గర వోల్టేజి, పందిరి చివర వోల్టేజి, క్లాంప్ మీటర్‌తో కరెంటు. తరవాత వెంటనే ఆపేయండి. ఆ కొత్త జాయింటుతో రాత్రంతా మాత్రం నడపొద్దు.

సీతమ్మవాకిలి
మా సీరియల్ సెట్‌లో సగం దూరం వెలిగి, మిగతా సగం చీకటిగా ఉంటోంది. అదీ ఇలాంటి జాయింటు సమస్యేనా అండీ?

పాత_వైర్‌మ్యాన్
కాదమ్మా, అది వేరే సంగతి. సెట్‌లోనే బల్బులు వరసగా ముక్కలు ముక్కలుగా కలిపి ఉంటాయి. ఒక ముక్కలో ఒక బల్బు కాలు విరిగినా ఆ ముక్కంతా ఆరిపోతుంది. ముందు ప్లగ్గు తీసి, చీకటి భాగంలో మొదటి బల్బు నుంచి ఒక్కొక్కటీ కదిపి చూడండి. పోయిన బల్బును తప్పించి వైరు కలిపేయకండి, ఆ ముక్కలో మిగతా బల్బుల మీద భారం పడి అవీ పోతాయి.

పెళ్లింటివాడు
రీడింగులు తెచ్చాను. బోర్డు దగ్గర 228 వోల్టులు, పందిరి చివర 204. కరెంటు 11 ఆంపియర్లు! నా లెక్క 8 కదా, మిగతా మూడు ఎక్కడివి?

పాత_వైర్‌మ్యాన్
అందుకే కొలవమన్నాను. చవక ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు డబ్బా మీద రాసిన వాట్ల కంటే ఎక్కువ కరెంటే లాగుతాయి. వాటి పవర్ ఫ్యాక్టర్, అంటే లాగే కరెంటులో వాట్లుగా పనికొచ్చే వంతు, 0.6 దగ్గర ఉంటుంది కాబట్టి మీ 1080 వాట్ల ఎల్ఈడీలు 4.7 కాదు, 8 ఆంపియర్ల దగ్గరికి వెళ్తాయి. మీటరు యూనిట్లు వాట్ల ప్రకారమే వేస్తుంది, వైరు మాత్రం ఆంపియర్ల ప్రకారం కాలుతుంది.

ఇప్పుడు 24 వోల్టులు ఎక్కడ పోయాయో చూద్దాం. వన్ స్క్వేర్ వైరుకి 40 మీటర్లు వెళ్లి తిరిగి రావడానికి సుమారు 1.56 ఓంలు. 11తో గుణిస్తే 17 వోల్టులు. ఇది వైరు పొడవునా పోతుంది, వైరు వెచ్చబడుతుంది, అంతే. మిగిలిన 7 వోల్టులు జాయింట్లలో, ప్లగ్గులో పోతున్నాయి. 7ని 11తో గుణిస్తే 77 వాట్లు. సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. మూడు ఐరన్లు గుడ్డ పక్కన వేలాడదీసి బంతి భోజనాలకు వెళ్లినట్టుంది మీ పని!

రంగులగూడు
ఇన్నేళ్లలో నాకెప్పుడూ కాలలేదండీ, అదృష్టమేమో. లైట్లు మినుకుమినుకుమంటే వోల్టేజి తక్కువ అనుకుని వదిలేసేవాణ్ణి.

పాత_వైర్‌మ్యాన్
ఆ మినుకే మొదటి సూచన. ఒక చోట నుంచి అవతలివన్నీ కలిసి మినుకుతుంటే, ఆ చోట జాయింటు చూడాలి.

పెళ్లింటివాడు గారూ, వన్ స్క్వేర్ తీసేసి రెండున్నర స్క్వేర్ మూడు కోర్ల వైరు ఒకే ముక్క తెచ్చుకోండి. మూడో కోరు ఎర్తుకి. ఇనుప పైపులు, ఫోకస్ లైట్ల బాడీలు దానికి కలపాలి. కలపక తప్పని చోట టేపు నమ్మకండి, మూతున్న జంక్షన్ బాక్సులో స్క్రూ కనెక్టర్ వాడండి. నల్లబడ్డ రాగిని మెరిసే రాగి వచ్చేదాకా కోసేయండి. స్క్రూ బిగించాక ఒక్కో తీగనీ గట్టిగా లాగి చూడండి. వైరు బరువు బాక్సు మీద పడకుండా ముందే పైపుకి కట్టేయండి. బాక్సులోకి వెళ్లే ముందు వైరు కిందికి వంగి పైకి రావాలి, అప్పుడు మంచు నీళ్లు లోపలికి జారవు. మిగిలిన వైరుని చుట్ట చుట్టి వదలొద్దు, చుట్టలో వేడి బయటికి పోదు.

నట్టూబోల్టూ
స్క్రూ కనెక్టర్ కన్నా తీగల్ని సోల్డర్ చేసి, ఆ పైన స్లీవ్ వేస్తే ఇంకా గట్టి కదా?

పాత_వైర్‌మ్యాన్
సోల్డర్ చేసిన చివరని స్క్రూ కింద పెడితే, సీసం మెల్లగా నలిగి స్క్రూ వదులవుతుంది. విడిగా సోల్డర్ జాయింటు వేసినా వైరు ఊగే చోట అంచు దగ్గర తీగలు తెగుతాయి. నేను వాడను.

నట్టూబోల్టూ
ఊగకుండా కట్టేస్తే ఏమీ కాదు. మా వర్క్‌షాప్‌లో ఏళ్ల తరబడి ఉన్నాయి అలాంటివి. ఇందులో మీతో ఏకీభవించలేను.

పెళ్లింటివాడు
రిసెప్షన్ అయిపోయింది. వైరు మార్చాం, హాలోజన్ తీసేసి 100 వాట్ల ఎల్ఈడీ పెట్టాం. చివర 222 వోల్టులు వచ్చింది. గంట నడిపి, స్విచ్ ఆపి బాక్సుని తాకితే చల్లగానే ఉంది. కానీ కరెంటు లీకైతే పడాలని కొత్తగా పెట్టిన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రాత్రి రెండింటికి మంచు పడ్డాక రెండుసార్లు పడింది. మా బావ దాన్ని తప్పించి కలిపేద్దామన్నాడు, నేను ఒప్పుకోలేదు.

పాత_వైర్‌మ్యాన్
మంచి పని చేశారు. అది పడిందంటే ఎక్కడో కరెంటు తడి మీదుగా నేలకి పోతోంది. అక్కడ ఎవరైనా పైపు పట్టుకుంటే వాళ్ల గుండా పోతుంది. సెట్లన్నీ ప్లగ్గులు తీసి, పదేసి చొప్పున పెడుతూ ఏ పదిలో పడుతోందో చూడండి.

పెళ్లింటివాడు
పగలు తడంతా ఆరిపోయి, ఏ పది పెట్టినా ఆర్‌సీసీబీ పడటం లేదు. గేటు మీద సెట్ల మీద అనుమానం ఉంది, వాటి ప్లగ్గులు నేల మీదే ఉన్నాయి. ఈ రాత్రి వాటిని పైకి కట్టి చూస్తాను.