వాయిస్ ఓవర్ స్క్రిప్టు: కామెంట్లు మాత్రమేనా, వాక్యం మీద చెయ్యి వేయనివ్వాలా?

మూసీఒడ్డు:
1908 మూసీ వరద మీద 11 నిమిషాల డాక్యుమెంటరీకి స్క్రిప్టు రాస్తున్నా. చదివేది నారాయణగూడలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ. మనవడికి కథ చెప్పినట్టు చెబుతారు, అందుకే ఆవిణ్ణి తీసుకున్నాం. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్లు నలుగురు. మూడు రౌండ్లయ్యేసరికి స్క్రిప్టు ప్రెస్‌నోట్‌లా తయారైంది. ఏది ఎవరు ఎప్పుడు మార్చారో కూడా తెలియట్లేదు. నాలుగో రౌండులో వాళ్లను వాక్యాలు మార్చనివ్వాలా, కామెంట్లు మాత్రమే పెట్టమనాలా?

కృష్ణానగర్ కలం:
కామెంట్లు మాత్రమే. కలం ఒక్కరి చేతిలోనే ఉండాలి.

అయితే పర్మిషన్ తగ్గిస్తే సరిపోతుందనుకోకండి. గూగుల్ డాక్స్‌లో Commenter హక్కు ఇచ్చినా మనిషి వాక్యం మీదే సజెషన్ రాసేయగలడు. సెట్టింగుతో ఆగదు, ముందే మాట అనుకోవాలి. "నాకు కొత్త వాక్యం వద్దండీ, పాత వాక్యంలో మీకేం నచ్చలేదో చెప్పండి" అని. మాట వినని పెద్దమనిషి ఉంటే ఆయనకు పీడీఎఫ్ పంపండి.

ఒక పేరా మూడు వెర్షన్లలో ఎలా మారిందో ఇక్కడ పెడతారా? చూడకుండా చెబితే గాల్లో మాటలే అవుతాయి.

మూసీఒడ్డు:
v1: "రాత్రంతా వాన. తెల్లారేసరికి మూసీ ఒడ్డున ఇళ్లు లేవు. ఒక చింతచెట్టు మాత్రం నిలబడింది. దాని మీదికెక్కి నూట యాభై మంది బతికారు."

v2లో తేదీ వచ్చింది, మూసీ కాస్తా "మూసీ నది" అయింది. ఇక v3: "1908 సెప్టెంబర్ 28న భారీ వర్షాలకు మూసీ నది ఉప్పొంగడంతో పరీవాహక ప్రాంతంలోని వేలాది నివాసాలు నేలమట్టమయ్యాయి. ప్రస్తుత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు."

గచ్చిబౌలి గిట్:
బ్రదర్, సాఫ్ట్‌వేర్ వాళ్లం ఈ గొడవ ఎప్పుడో తీర్చేసుకున్నాం. గిట్ అని, ఫైలు పాత వెర్షన్లన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది. స్క్రిప్టును మామూలు టెక్స్ట్ ఫైల్‌గా అందులో పెట్టుకో, ఒక్కో రౌండుకి v1, v2 అని ఒక ట్యాగ్ వెయ్యి. తర్వాత ఇది చాలు:

```
git diff --word-diff v1 v3 -- script.txt
```

ఏ మాట పోయిందో, ఏది వచ్చిందో మాట మాటకీ కనిపిస్తుంది. నలుగురికీ గిట్ నేర్పించు, ఒక గంట పని. గొంతు మారిందా లేదా అన్నది కూడా మారిన మాటల లెక్కలోనే తేలిపోతుంది.

కృష్ణానగర్ కలం:
గిట్ తమ్ముడూ, v1తో పోల్చాలన్న మాట నూటికి నూరుపాళ్లు కరెక్టు. మిగతా రెండూ కాదు. నలుగురిలో ఒకరు చరిత్ర ప్రొఫెసరు అయితే, ఆయన గిట్ నేర్చుకునేలోపు మూసీకి ఇంకో వరద వస్తుంది.

తెలుగులో ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని కీబోర్డులు "సెప్టెంబర్" చివర కంటికి కనపడని అక్షరం ఒకటి వేస్తాయి, కొన్ని వేయవు. స్క్రీన్ మీద రెండూ ఒకేలా ఉంటాయి, డిఫ్ మాత్రం మాట మారిందంటుంది. ఓసారి నేను పూటంతా అలాంటి "మార్పులు" చూస్తూ కూర్చున్నా. పోల్చేముందు రెండు ఫైళ్లలోనూ ఆ అక్షరాన్ని తీసేయాలి. ఇంకోటి, పేరా కింద నుంచి పైకి జరిపితే అక్కడ తీసేసినట్టు, ఇక్కడ కొత్తగా రాసినట్టు చూపిస్తుంది. మారింది చోటు, మాట కాదు. లెక్క మాత్రం డబుల్.

ఇక అసలు విషయం. మీ దగ్గర జరిగింది ఒకరి తప్పు కాదు. v1 నుంచి v2కి చూస్తే చిన్న మార్పు, ఎవరైనా ఒప్పుకుంటారు. v2 నుంచి v3కి చూసినా ఒక్కో సవరణకీ ఏదో కారణం ఉంది. ప్రతి రౌండులోనూ Accept నొక్కగానే ఎర్రగీతలు పోయి పేజీ తెల్లగా అయిపోతుంది, తర్వాతి వాళ్లు దాన్నే అసలు స్క్రిప్టు అనుకుని మొదలుపెడతారు. v1ని, v3ని పక్కపక్కన పెట్టి ఎవరూ చూడరు. అందుకే ప్రతి రౌండు ముగిశాక Version historyలో దానికి పేరు పెట్టండి, v1ని విడిగా కాపీ తీసి దాచండి. తర్వాత Tools మెనూలో Compare documents ఉంది, కొత్త వెర్షన్‌ను ఎప్పుడూ v1తోనే పోల్చండి. నిన్నటిదానితో కాదు.

ఇప్పుడు మీ పేరా. వాళ్లు మార్చిన మాటలు వదిలేసి, వాళ్లకేం కావాలో తీద్దాం. తేదీ కావాలి. ఇళ్లన్నీ పోలేదు, వేలల్లో పోయాయి. చెట్టు ఎక్కడుందో చెప్పాలి. 150 అనేది అంచనా అని తెలియాలి. ఈ నాలుగూ న్యాయమే. వీటిలో ఏదీ "పరీవాహక ప్రాంతం" అడగలేదు, గమనించారా? టీచరమ్మ నోట ఇలా రావచ్చు:

"1908 సెప్టెంబర్. రాత్రంతా వాన. ఇరవై ఎనిమిదో తేదీ తెల్లారేసరికి మూసీ ఒడ్డున వేల ఇళ్లు లేవు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉంది చూడండి, అక్కడో చింతచెట్టు. దాని మీదికెక్కి ఒక నూట యాభై మంది బతికారు."

"ఒక నూట యాభై" అన్నామంటే అందులో "సుమారు" ఉన్నట్టే. మన మాటలో ఆ పని "ఒక" చేస్తుంది.

క్లయింట్ సైడు:
నేను మీరు తిట్టుకునే ఆ నలుగురిలో ఒకదాన్ని, అంటే ఇలాంటి పనే చేస్తా. కలం గారూ, మీరు చెప్పింది వినడానికి బాగుంది. "ఏం నచ్చలేదో చెప్పండి" అంటే సగం మంది "టోన్ సరిగ్గా లేదు" అని రాసి ఊరుకుంటారు. ఆ ముక్కతో మీరేం చేస్తారు? నేను వాక్యం మార్చి చూపిస్తే కనీసం నా మనసులో ఏముందో తెలుస్తుంది. నాకు రెండు నిమిషాల పని, మీకు మూడు ఫోన్‌కాల్స్ తప్పుతాయి. పైగా కొన్ని లైన్లు అక్షరం పొల్లుపోకుండా ఉండాల్సినవి ఉంటాయి. స్పాన్సర్ సంస్థ పేరు, లీగల్ వాళ్లు ఓకే చేసిన మాట, చనిపోయినవాళ్ల సంఖ్య ఎలా చెప్పాలన్నది. అక్కడ మీ సహజమైన గొంతు నాకు అక్కర్లేదు.

ఫిల్మ్‌నగర్ ఏడీ:
అన్నా, స్క్రిప్టు వెర్షన్లకి రంగు కాగితాలు వాడండి. మొదటిది తెల్లది, తర్వాత నీలం, గులాబీ, పసుపు. హాలీవుడ్‌లో అంతే చేస్తారట. మా సినిమాలో హీరో గారు సెట్లో డైలాగు మార్చేస్తే కంటిన్యూటీ అమ్మాయి ఏడ్చింది. మధ్యలో కొత్త సీను వస్తే 14ఏ అని పెట్టాలి, 15 చేయకూడదు. చేశామా, కాల్‌షీట్లు మొత్తం గందరగోళమే.

కృష్ణానగర్ కలం:
ఏడీ తమ్ముడూ, ఇది సినిమా స్క్రిప్టు కాదు, వెనక నుంచి వినిపించే గొంతు. కానీ ఆ 14ఏ మాట బంగారం. మూసీఒడ్డు గారూ, ప్రతి వాక్యానికీ ఒక నంబరు ఇవ్వండి, చివరిదాకా మార్చకండి. వాక్యం తీసేస్తే ఆ నంబరు ఖాళీగానే ఉండాలి. లేకపోతే రెండో రౌండులో "22వ లైను తప్పు" అన్న కామెంటు మూడో రౌండుకి ఇంకో వాక్యం మీద వచ్చి కూర్చుంటుంది.

మేడమ్, మీ రెండో పాయింటు ఒప్పుకుంటున్నా. అలాంటి లైన్లకు "తాళం" అని గుర్తు పెట్టి, వాటి మాట మీరే రాసివ్వండి. నేను ముట్టను. మొదటిదానికి సగం ఒప్పుకుంటా. మీ వాక్యం రాయండి, కాకపోతే కామెంటు పెట్టెలో రాయండి. నమూనాగా చదువుకుంటాం, స్క్రిప్టులోకి నేరుగా రాదు.

మూసీఒడ్డు:
నంబర్ల మాట ముందే తెలిస్తే బాగుండేది. రెండో రౌండులో ప్రొఫెసర్ గారు ఒక తప్పు పట్టారు. నేను ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రెండూ 1920లో పూర్తయ్యాయని రాశా. ఉస్మాన్ సాగర్ 1920, హిమాయత్ సాగర్ 1927 అని దిద్దారు. మూడో రౌండులో ఇంకొకాయన వాట్సాప్‌లో తనకొచ్చిన పాత కాపీ మీద సవరణలు చేసి ఆ పేరా మొత్తం పేస్టు చేశారు. పాత తప్పు మళ్లీ వచ్చింది. ఎవరూ చూడలేదు. టీచరమ్మ అదే చదివారు, రికార్డింగ్ కూడా అయిపోయింది.

మైకు ముందు:
నేను పదేళ్లుగా వాయిస్ ఇస్తున్నా. ఆ ఒక్క వాక్యం మళ్లీ చెప్పించి అతికిద్దామనుకుంటున్నారేమో, జాగ్రత్త. మరుసటి రోజు గొంతు వేరుగా ఉంటుంది, మైకుకి కూర్చునే దూరం కూడా మారుతుంది. అతుకు వినిపిస్తుంది. పేరా మొత్తం మళ్లీ చెప్పించండి, ఆవిడ మొదలుపెట్టే ముందు పాత రికార్డింగులోంచి పైపేరా వినిపించండి.

మీరందరూ కాగితాలు పోలుస్తున్నారు గానీ గొంతు కాగితం మీద ఉండదండీ. v1ని ఆవిడ చేత ఫోన్‌లో చదివించి పెట్టుకున్నారా? ప్రతి రౌండు తర్వాత కొత్తదాన్ని కూడా అలాగే చదివించి, ఒకే పేరా రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. v3లో "పరీవాహక" దగ్గర ఆవిడ తడబడి ఉంటారు, పందెం. ఒకసారి తడబడితే అలసట. మూడుసార్లు అదే మాట దగ్గర తడబడితే అది ఆవిడ మాట కాదు. వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్నారంటే వాక్యం పొడుగైనట్టు. నేను నా కాపీలో అలాంటి చోట పెన్సిలుతో గీత పెట్టి రచయితకు పంపిస్తా.

ఇంకోటి. బూత్‌లో మేం చిన్న మాటలు మారుస్తాం, "లేవు" అన్నది "లేనే లేవు" అవుతుంది. తర్వాత సబ్‌టైటిళ్లు స్క్రిప్టు ఫైలు చూసి చేస్తారు, తెర మీద ఒకటి, చెవిలో ఒకటి. రికార్డింగు రోజు ఆవిడ నిజంగా చెప్పింది విని రాసుకోవాలి, దాన్నే చివరి వెర్షన్‌గా పెట్టాలి.

క్లయింట్ సైడు:
ఇదే నా భయం. నాలుగు రౌండ్లు తిరిగి ఓకే చేసిన వాక్యం బూత్‌లో మారితే నేను ఓకే చేసింది దేన్ని?

మైకు ముందు:
తాళం వేసినవి ముట్టుకోం కదా మేడమ్.

గచ్చిబౌలి గిట్:
కలం అన్నా, సెప్టెంబర్ సంగతి చెక్ చేశా. నిజమే, మా టీమ్ తెలుగు ఫైళ్లలో కూడా ఉంది ఆ కనపడని అక్షరం. కానీ v1తో పోల్చి మారిన మాటల శాతం చూస్తే కనీసం ఒక హెచ్చరికగా పనికొస్తుందంటా. అది మాత్రం వెనక్కి తీసుకోను.

మూసీఒడ్డు:
టీచరమ్మ v1 చదివిన ఆడియో నా ఫోన్‌లో ఉంది, ఆడిషన్ రోజుది. ఇందాక విన్నా. "రాత్రంతా వాన" తర్వాత ఆవిడ చాలాసేపు ఆగారు. v3లో ఆ ఆగడానికి చోటే లేదు. నంబర్లు వేసి, తాళం లైన్లు అడిగి, ఆడియో లింకుతో పాటు నాలుగో రౌండుకి పంపుతున్నా. "ఒక నూట యాభై" మాత్రం ప్రొఫెసర్ గారు ఒప్పుకుంటారో లేదో.

క్లయింట్ సైడు:
నేనైతే ఒప్పుకోను. సబ్‌టైటిల్‌లో "సుమారు" ఉండాల్సిందే.

మైకు ముందు:
సబ్‌టైటిల్‌లో పెట్టుకోండి. ఆవిడ నోట పెట్టకండి.