ΔG ఋణాత్మకమైతే చర్య వేగంగా జరగాలా? తరగతికి పంపదలచిన ఈమెయిలుపై చర్చ

పెన్నా_ఒడ్డు

నేను నెల్లూరులోని ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం కెమిస్ట్రీకి టీచింగ్ అసిస్టెంటుగా పని చేస్తున్నాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ విఘటనకు స్వేచ్ఛా శక్తిలో మార్పు, అంటే ΔG, ఋణాత్మకంగా ఉన్నా మందుల షాపులోని సీసా నెలల తరబడి ఎందుకు చెడిపోకుండా ఉంటుందని మొన్నటి పరీక్షలో మూడో ప్రశ్నగా అడిగితే, సగానికి పైగా విద్యార్థులు చర్య వెంటనే జరగవలసిందేనని, సీసా బిగించి ఉండటమే దాన్ని ఆపుతోందని రాశారు. తరగతి మొత్తానికి పంపదలచిన ఈమెయిలును కింద ఉంచుతున్నాను. తప్పులుంటే పంపకముందే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

> విద్యార్థులకు,
>
> మూడో ప్రశ్నకు మీలో చాలామంది రాసిన సమాధానంలో ‘ΔG ఋణాత్మకం కనుక చర్య వెంటనే జరుగుతుంది’ అనే వాక్యం ఉంది. ‘కనుక’ అనే మాటకు ముందున్నది నిజమే, తరువాతిది దాని నుంచి రాదు.
>
> ఒక మోల్ హైడ్రోజన్ పెరాక్సైడ్ నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోయినప్పుడు ప్రామాణిక ΔG సుమారు −117 కిలోజౌళ్లు. ఈ సంఖ్య మొదటి స్థితికి, చివరి స్థితికి మధ్య ఉన్న తేడాను మాత్రమే చెబుతుంది. మధ్యలో అణువు ఎంత ఎత్తు ఎక్కి దిగవలసి ఉందో దానికి తెలియదు. ఆ ఎత్తే ఉత్తేజన శక్తి. ఉత్ప్రేరకం లేనప్పుడు అది సుమారు 75 కిలోజౌళ్లు, అయొడైడ్ కలిపితే సుమారు 56 కిలోజౌళ్లు. 25 డిగ్రీల వద్ద RT విలువ 2.48 కిలోజౌళ్లు కనుక, ఆ 19 కిలోజౌళ్ల తగ్గుదల వల్లనే వేగం దాదాపు రెండు వేల రెట్లు పెరుగుతుంది. ΔG మాత్రం ఒక్క జౌలు కూడా మారదు.
>
> మూడు గాజు గ్లాసుల్లో 20 వాల్యూమ్ పెరాక్సైడ్ పోసి, ఒకదానిలో పచ్చి బంగాళాదుంప ముక్కను, ఒకదానిలో బాగా ఉడికించి చల్లార్చిన ముక్కను వేసి, మూడోదాన్ని అలాగే ఉంచండి. పచ్చి ముక్క వేసిన గ్లాసు క్షణాల్లో నురగ కక్కుతుంది, మిగతా రెండింటిలో అలా జరగదు. ఉడికినప్పుడు దుంపలోని కెటలేస్ ఎంజైము పాడైపోయింది. మూడు గ్లాసుల్లోనూ మొదలూ చివరా ఒకటే కనుక ΔG కూడా ఒకటే. మారినది దారి మాత్రమే.

కందుకూరు_విశ్రాంత_లెక్చరర్

ఈమెయిలు బాగుంది. బంగాళాదుంప ప్రయోగాన్ని నేను చాలా ఏళ్లు చేయించాను. ఉడికిన ముక్కను కూడా పెట్టించడం మంచి ఆలోచన, ఎందుకంటే అది లేకపోతే దుంపలోని పిండి పదార్థమే పెరాక్సైడ్‌తో చర్య జరిపిందని పిల్లలు అనుకుంటారు. రెండు చోట్ల మాత్రం సవరణ అవసరం.

మొదటిది చిన్నది. −117 అనేది శుద్ధ ద్రవ పెరాక్సైడ్‌కు సంబంధించిన విలువ. నీటిలో కరిగిన పెరాక్సైడ్‌కు అది సుమారు −103 ఉంటుంది. మీ వాదనకు దీనివల్ల నష్టమేమీ లేదు గాని, సీసాలో ఉన్నది ద్రావణం కనుక ద్రావణపు సంఖ్యనే ఇవ్వడం ఉచితం.

రెండోది అంత చిన్నది కాదు. 75 అనే సంఖ్యను పెరాక్సైడ్ అణువు సొంత లక్షణంగా రాయకండి. రెండు ఆక్సిజన్ల మధ్య బంధాన్ని నేరుగా తెంచాలంటే సుమారు 210 కిలోజౌళ్లు కావాలి, గది ఉష్ణోగ్రత వద్ద ఆ దారిన దాదాపు ఏ అణువూ పోదు. సీసాలో మనం చూసే నెమ్మదైన విఘటన చాలావరకు పాత్ర గోడల మీద, లేశమాత్రంగా ఉన్న లోహపు అయాన్ల దగ్గర జరుగుతుంది. అందుకే ఒకే పెరాక్సైడ్ ఒక పాత్రలో ఏడాది నిలుస్తుంది, వేరే పాత్రలో నెలకే పలచబడుతుంది. ‘ఉత్ప్రేరకం లేనప్పుడు’ అని మీరు రాసిన చోట ‘మనం కలపనప్పుడు’ అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఒంగోలు_గేట్_అభ్యర్థి

నాకు ఈ ఈమెయిలు అతిగా తేల్చేసినట్టు అనిపిస్తోంది. ΔGకీ వేగానికీ సంబంధమే లేదని అనడం సరికాదు. సమతాస్థితిలో ΔG సున్నా, అక్కడ నికర వేగం కూడా సున్నా. సమతాస్థితికి దూరం పెరిగేకొద్దీ, అంటే ΔG మరింత ఋణాత్మకమయ్యేకొద్దీ, చర్య ముందుకు నడుస్తుంది. కాబట్టి ఎంత ఋణాత్మకమైతే అంత వేగమనడంలో కొంత న్యాయం ఉంది కదా? ఉత్ప్రేరకం కూడా ΔGని కొంత తగ్గించడం వల్లనే పని చేస్తుందని మా కోచింగ్‌లో చెప్పారు.

కందుకూరు_విశ్రాంత_లెక్చరర్

బాబూ, మీ మొదటి మాటలో నిజం ఉంది, చివరి మాటలో లేదు. ఉత్ప్రేరకం ΔGని మార్చగలిగితే సమతాస్థితి కూడా మారాలి. అప్పుడు ఉత్ప్రేరకాన్ని వేస్తూ తీస్తూ ఉంటే ఏ ఇంధనమూ లేకుండా పని రాబట్టవచ్చు, అది అసాధ్యం. ప్రామాణిక ΔG నిర్ణయించేది ముందుకు పోయే వేగ స్థిరాంకానికీ వెనక్కి వచ్చే వేగ స్థిరాంకానికీ ఉండే నిష్పత్తిని. కెటలేస్ రెండింటినీ అన్నే రెట్లు పెంచుతుంది, నిష్పత్తి అలాగే ఉంటుంది.

ఇక మీ మొదటి మాటను సంఖ్యలతో చూద్దాం. ఒకే మెట్టులో జరిగే చర్యకు నికర వేగం ఇలా వస్తుంది:

నికర వేగం = ముందుకు పోయే వేగం × (1 − e^(ΔG/RT))

ΔG −2.5 దగ్గర ఉంటే బ్రాకెట్టులోని విలువ సుమారు 0.63. −12 దగ్గర ఉంటే 0.99. ఆపైన −103 అయినా −500 అయినా అది 1ని దాటదు. అంటే సమతాస్థితికి దగ్గరగా ఉన్నంతవరకే ΔG వేగం మీద పెత్తనం చేస్తుంది. పది పన్నెండు కిలోజౌళ్లు దాటాక వెనక్కి వచ్చే అణువులు లెక్కలోకి రానంత తక్కువవుతాయి, మిగిలేది ముందుకు పోయే వేగం. అది ఎక్కవలసిన ఎత్తు మీద ఆధారపడుతుంది. మన పెరాక్సైడ్ ఆ హద్దుకు చాలా దూరంలో ఉంది.

ఒంగోలు_గేట్_అభ్యర్థి

ఉత్ప్రేరకం విషయంలో నాదే పొరపాటు, ఒప్పుకుంటున్నాను. అయితే ఆల్కేన్ల నుంచి రాడికల్ హైడ్రోజన్‌ను లాగే చర్యల్లో, బలహీనమైన బంధం తెగేది త్వరగా తెగుతుంది. అక్కడ ఎక్కువ శక్తి విడుదలయ్యే చర్యకే తక్కువ ఎత్తు ఉంటుంది కదా?

కందుకూరు_విశ్రాంత_లెక్చరర్

ఉంటుంది. బెల్, ఇవాన్స్, పొలానీలు చెప్పినది అదే. కానీ అది ఒకే పద్ధతిలో నడిచే ఒక కుటుంబపు చర్యల మధ్య పోలిక మాత్రమే, పెరాక్సైడ్ విఘటనను ఇనుము తుప్పుతో పోల్చడానికి అది పనికిరాదు. పైగా ఎలక్ట్రాన్ బదిలీ చర్యల్లో ఒక హద్దు దాటాక ΔG ఇంకా ఋణాత్మకమైతే వేగం తగ్గుతుందని మార్కస్ సిద్ధాంతం చెప్పింది, అది ప్రయోగాల్లోనూ కనిపించింది. ఆయనకు 1992లో నోబెల్ వచ్చింది. రెండో సంవత్సరం పిల్లల ఈమెయిలులో ఇది ఉండాలా అన్నది పెన్నా ఒడ్డు గారి ఇష్టం. నేనైతే పెట్టను.

ఇందుకూరుపేట_రొయ్యల_రైతు

మీ చర్చ పూర్తిగా అర్థం కాలేదు గాని, పెరాక్సైడ్ అన్నారు కనుక అడుగుతున్నాను. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి, కరెంటు లేక ఏరేటర్లు ఆగినప్పుడు మేము పెరాక్సైడ్ వాడతాము. డ్రమ్ములో 50 శాతం సరుకు ఉంటుంది. డ్రమ్ములో నెమ్మదిగా విడిపోతుందని మీరంటున్నారంటే, మాకు అమ్మిన సరుకు బలహీనమైనదని అర్థమా? ఇంకో సంగతి కూడా ఉంది. పోయిన వేసవిలో మా డ్రమ్ము ఒకటి ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా తగిలింది. పనివాడు ఇనుప మగ్గుతో తోడి, మిగిలినది మళ్లీ అందులోనే పోశాడు. ఎండ వల్ల అలా జరిగిందని వ్యాపారి అన్నాడు.

పెన్నా_ఒడ్డు

అన్నా, సరుకు బలహీనమైనది కాదు. డ్రమ్ములో నిలిచి ఉండి చెరువులో విడిపోవడమే మీకు కావలసినది. చెరువు నీటిలోని సూక్ష్మజీవుల్లో, నాచులో బంగాళాదుంపలో ఉన్నటువంటి ఎంజైములే ఉంటాయి, అందుకే అక్కడ త్వరగా విడిపోతుంది. ఒక గ్రాము శుద్ధ పెరాక్సైడ్ నుంచి 0.47 గ్రాముల ఆక్సిజన్ వస్తుంది. ఎంత మోతాదు వేయాలో మాత్రం నేను చెప్పను, అది మీ చెరువు చూసిన ఆక్వా టెక్నీషియన్ చెప్పవలసినది.

కందుకూరు_విశ్రాంత_లెక్చరర్

రైతు గారూ, ఆ డ్రమ్ము విషయం తేలికగా తీసుకోవద్దు. ఇనుము పెరాక్సైడ్‌కు ఉత్ప్రేరకం. మగ్గుకున్న తుప్పు కొద్దిగా కరిగి డ్రమ్ములో కలిస్తే ఎక్కవలసిన ఎత్తు తగ్గిపోతుంది. 50 శాతం సరుకు ఒక కిలో పూర్తిగా విడిపోతే సుమారు 1,400 కిలోజౌళ్ల వేడి వస్తుంది. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి దాదాపు 300 చాలు. వేడెక్కేకొద్దీ చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గాలి పోయే మూత మూసుకుపోతే డ్రమ్ము పగలవచ్చు. మిగిలిన సరుకును మళ్లీ డ్రమ్ములో పోయవద్దు, ఇనుము, రాగి, ఇత్తడి వస్తువులేవీ అందులో ముంచవద్దు. డ్రమ్ము వేడిగా తగిలితే దగ్గరకు వెళ్లకుండా దూరం నుంచి నీళ్లు కొట్టిస్తూ అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి.

ఎండ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఆ 75 లెక్కనే తీసుకుంటే 25 నుంచి 43 డిగ్రీలకు పోయినప్పుడు వేగం ఐదారు రెట్లవుతుంది. ఆ పాటికే శుద్ధమైన సరుకున్న డ్రమ్ము ఉబ్బకూడదు గాని, తుప్పు కలిసిన డ్రమ్ములో ఎండ వాటా ఎంతో, తుప్పు వాటా ఎంతో ఇక్కడి నుంచి చెప్పలేను.

ఇందుకూరుపేట_రొయ్యల_రైతు

మిగతా రెండు డ్రమ్ములు అదే షెడ్డులో, అదే ఎండలో ఉన్నాయి. అవి ఉబ్బలేదు. వాటిని అప్పటికి మేము తెరవలేదు.

కావలి_తెలుగు_పంతులు

నేను కెమిస్ట్రీ చదవలేదు. మీ పుస్తకాల్లో ఇటువంటి చర్యను ‘తనంతట తాను జరిగే చర్య’ అని రాస్తున్నారు. ఆ మాట చదివిన పిల్లవాడు ఇప్పుడే జరిగిపోతుందని అనుకోకుండా ఎలా ఉంటాడు? తప్పు పిల్లలదా, మాటదా?

పెన్నా_ఒడ్డు

ఆ మాట తీసేద్దామా అని నేనూ ఆలోచించాను. కానీ ప్రశ్నపత్రంలో అదే వస్తుంది కనుక పిల్లలకు తెలియకుండా ఉంచలేను. ‘జరగడానికి అనుమతి ఉన్న చర్య’ అని రాద్దామనుకున్నాను.

కావలి_తెలుగు_పంతులు

అనుమతి అంటే ఎవరో ఇచ్చినట్టు ఉంటుంది. ‘దిగుడు చర్య’ అనండి.

కందుకూరు_విశ్రాంత_లెక్చరర్

దిగుడు అంటే జారిపోతుందని అనుకుంటారు, మళ్లీ వేగం దగ్గరకే వస్తాము.

పెన్నా_ఒడ్డు

పేరు సంగతి ప్రస్తుతానికి వదిలేస్తున్నాను. ఈమెయిలులో −117 స్థానంలో −103 పెట్టాను, ‘మనం కలపనప్పుడు’ అని మార్చాను, 0.63, 0.99 లెక్కను ఒక పేరాగా చేర్చాను. రైతు గారు అనుమతిస్తే, ఒకే షెడ్డులోని మూడు డ్రమ్ములలో ఒకటే ఎందుకు ఉబ్బిందన్నది వచ్చే పరీక్షలో మూడో ప్రశ్నగా ఇస్తాను.

ఇందుకూరుపేట_రొయ్యల_రైతు

ఇవ్వండి. మగ్గు మార్చామని కూడా రాయండి, ఇప్పుడు ప్లాస్టిక్‌ది వాడుతున్నాము.