ఫుల్కా సగమే పొంగుతోంది: పెనం మంట పెంచాలా, తగ్గించాలా?

గోధుమరంగు: పెనం మీద రెండు వైపులా కాల్చి స్టవ్ మంట మీద పెడితే సగమే పొంగుతోంది, మిగతా సగం అప్పడంలా గట్టిపడుతోంది. మా అత్తయ్య సిమ్‌లో నిదానంగా కాల్చమంటారు. పెనం కింద మంట పెంచాలా, తగ్గించాలా?

చపాతీపీట: పెంచండి. సిమ్‌లో పెడితే పొంగాల్సిన తడంతా పెనం మీదే ఆరిపోతుంది. ఇంకో మాట, వీలైనంత పల్చగా వత్తండి, ఎంత పల్చనైతే అంత బాగా పొంగుతుంది.

పట్టుకారు: మంట సంగతి నిజమే కానీ పల్చదనం గురించి చెప్పింది ఒప్పుకోను. పైనా కిందా రెండు పొరలు గట్టిపడి, మధ్యలో ఇంకా తడి ఉండాలి, మంట తగలగానే ఆ తడి ఆవిరై పొరల్ని విడదీస్తుంది. మరీ కాగితంలా వత్తితే మధ్యలో తడి మిగలదు. నేను ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మందం ఉంచుతాను. అంతకన్నా ముఖ్యం, మందం అంతటా ఒకేలా ఉండాలి. గోధుమరంగు గారూ, మీది సగమే పొంగుతోందంటే నా అనుమానం అక్కడే. వత్తినదాన్ని వెలుతురుకి ఎత్తి చూడండి, ఒక పక్క ఎక్కువ వెలుగు కనబడితే ఆ పక్కే ముందు ఎండిపోతోందన్నమాట.

పెనం మీడియం కన్నా కాస్త ఎక్కువ మంట మీద బాగా కాగాక వేయండి. మొదటి వైపు 15, 20 సెకన్లే. రంగు మారి చిన్న బుడగలు లేవగానే తిప్పేయాలి, మచ్చలు పడేదాకా ఆగకూడదు. రెండో వైపు 30, 40 సెకన్లు, చుక్కలు చుక్కలుగా ఎర్రబడేదాకా. తర్వాత పెనం తీసి, తక్కువ కాలిన ఆ మొదటి వైపునే పెద్ద మంటకి ఆనించండి. ఐదారు సెకన్లలో పొంగాలి. పది దాటినా పొంగకపోతే తీసేయండి, ఇంకా ఉంచితే మాడడమే.

వంటిల్లు: మా ఇంట్లో ఇండక్షన్ స్టవ్, మంటే లేదు. పెనం మీదే మడతపెట్టిన గుడ్డతో అంచుల చుట్టూ నొక్కుతాను, చక్కగా పొంగుతాయి. అసలు మంట ఎందుకండీ?

చపాతీపీట: ఆవిడ అడిగింది మంట మీద కాల్చడం గురించి కదండీ. గుడ్డతో నొక్కింది చపాతీ అవుతుంది, ఫుల్కా కాదు.

పట్టుకారు: పేరు ఏదైనా పొంగేది ఆవిరితోనే. కాకపోతే మంట మీద పై పొర త్వరగా కాలి, లోపల మెత్తగా ఉంటుందని నాకనిపిస్తుంది.

గోధుమరంగు: ఈరోజు ఎనిమిది చేశాను. వెలుతురుకి ఎత్తి చూస్తే నిజంగానే కుడి పక్క పల్చగా ఉంది, అప్పడాల కర్ర అటే ఎక్కువ నొక్కుతున్నాను. పీట మీద తిప్పుతూ వత్తితే ఆరు పూర్తిగా పొంగాయి. ఏడోది పొంగబోతూ అంచు దగ్గర బుస్సుమని ఆవిరి పోయి చదునైపోయింది, చూస్తే ఉండ చేసినప్పటి మడత అక్కడ విడిపోయి ఉంది. ఎనిమిదోది మాత్రం ఎందుకు పొంగలేదో తెలియలేదు. పొడిపిండి దులపకుండా వేశాను, దానివల్లేనా?

చపాతీపీట: పొడిపిండి ఎక్కువైతే మాడి చేదు వస్తుంది, పొంగకపోవడం దానివల్ల అయ్యుండదు. ఎనిమిదోది వత్తి ఎంతసేపు పీట మీద ఉంచారు?